కొత్త పైప్‌లైన్‌కి ప్రెజర్ టెస్ట్.. గేజ్ ముల్లు పడిపోతే లీకేజీ ఉన్నట్టేనా? అసలు లెక్క ఇదీ!

వీధిలో కొత్త మంచినీటి పైప్‌లైన్ వేశారు. ఇంకా నీళ్లు వదల్లేదు, గోతులు కూడా పూర్తిగా పూడ్చలేదు. జనం విసుక్కునేది సరిగ్గా ఈ టైంలోనే. కానీ ఆ గోతులు తెరిచి ఉంచడానికి ఓ కారణం ఉంది. పైపుల మీద మట్టి కప్పినా, జాయింట్లు మాత్రం బయటికి కనిపించాలి. ఎందుకంటే ప్రెజర్ టెస్ట్‌లో నీరు కారేది ఎక్కువగా అక్కడే. పూడ్చి, రోడ్డు వేశాక లీకేజీ బయటపడితే మళ్లీ తవ్వాల్సిందే.

ఎంత ఒత్తిడి పెడతారు?

లైన్‌లో మామూలుగా ఉండే గరిష్ట ఒత్తిడికి కనీసం ఒకటిన్నర రెట్లు పెడతారు. పంపు ఉన్నట్టుండి ఆగితే లైన్‌లో వచ్చే అదనపు దెబ్బను కలిపినప్పుడు అంతకంటే ఎక్కువ తేలితే, ఆ ఎక్కువ అంకెనే తీసుకుంటారు.

ఓ ఉదాహరణ చూద్దాం. 200 మిల్లీమీటర్ల డీఐ పైపు, పొడవు ఒక కిలోమీటరు. గరిష్ట ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు. అంటే టెస్ట్ 9 కిలోల దగ్గర చేయాలి. ఇది 90 మీటర్ల ఎత్తున్న నీటి ఒత్తిడితో సమానం.

ఇక్కడే ఓ చిక్కుంది. ఈ 9 కిలోలు ఉండాల్సింది లైన్‌లో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట. గేజ్ అక్కడికంటే 20 మీటర్ల ఎత్తులో ఉంటే, అది 7 కిలోలు చూపిస్తే చాలు. అది పట్టించుకోకుండా పైన కూడా 9 చూపించేదాకా పంపు కొడితే, కింద పైపుపై 11 కిలోలు పడుతుంది.

ముందు గాలి పోవాలి

పల్లం వైపు నుంచి నెమ్మదిగా నీళ్లు నింపుతారు. ఎత్తులో ఉన్న ఎయిర్ వాల్వులను బుడగలు లేని నీరు వచ్చేదాకా తెరిచే ఉంచుతారు. డీఐ పైపు లోపలి సిమెంట్ పూత కూడా కొంత నీటిని పీల్చుకుంటుంది. అందుకే నింపిన లైన్‌ను ఓ రోజు అలాగే వదిలేస్తారు. ఆ తర్వాతే టెస్ట్ పంపుతో నిమిషానికి ఒక కిలో చొప్పున ఒత్తిడి పెంచుతారు.

లైన్ చివరి మూత దగ్గర ఎవరూ నిలబడకూడదు. ఈ ఉదాహరణలో ఆ మూతను బయటికి నెట్టే బలం మూడు టన్నుల పైమాటే. వెనక గట్టి ఆసరా లేకపోతే మూత ఊడి వచ్చేస్తుంది.

ఎంతసేపు ఉంచాలి?

కేంద్రానికి చెందిన సీపీహెచ్‌ఈఈవో 1999 మాన్యువల్ ప్రకారం కనీసం 4 గంటలు ఉంచాలి. అయితే టెస్ట్ ఒత్తిడి, పైపును ఫ్యాక్టరీలో పరీక్షించిన ఒత్తిడిలో మూడింట రెండొంతుల కన్నా తక్కువైతే కనీసం 24 గంటలు ఆగాలి. డీఐ పైపుల ఫ్యాక్టరీ టెస్ట్ దీనికి చాలా ఎక్కువలో జరుగుతుంది. కాబట్టి మన ఉదాహరణకు 24 గంటలే లెక్క.

పాస్ అయిందా, ఫెయిలా?

ముల్లు కాస్త దిగినంత మాత్రాన ఫెయిల్ అయినట్టు కాదు. మళ్లీ 9 కిలోలకు తేవడానికి ఎన్ని నీళ్లు ఎక్కించాల్సి వచ్చిందో కొలవాలి. పరిమితి ఏంటంటే.. ప్రతి 30 మీటర్ల ఒత్తిడికి, కిలోమీటరుకు, రోజుకు, పైపు వ్యాసంలో ఒక్కో మిల్లీమీటరుకు 0.1 లీటరు. మన లైన్‌కి 0.1 ను 200తో, ఆపై 3తో గుణిస్తే 60 లీటర్లు. లైన్‌లో ఉన్న నీళ్లు దాదాపు 31 వేల లీటర్లు కాబట్టి ఇది చాలా చిన్న మొత్తం.

24 గంటల్లో 45 లీటర్లు పడితే పాస్, 84 పడితే ఫెయిల్. అయితే ఏదైనా జాయింట్ దగ్గర నీరు కంటికి కనిపిస్తుంటే, 45 లీటర్లే అయినా దాన్ని సరిచేయాల్సిందే.

గంట గంటకూ ఎక్కించే నీళ్లు తగ్గుతూ వస్తే లోపల గాలి మిగిలి ఉండొచ్చు, లేదా సిమెంట్ పూత ఇంకా పీలుస్తుండొచ్చు. ప్రతి గంటా ఒకే మొత్తం పడుతుంటే మాత్రం లీకేజీనే అనుమానించాలి. హెచ్‌డీపీఈ పైపులకు ఈ లెక్క పనికిరాదు. ఒత్తిడికి ఆ పైపే మెల్లగా సాగుతుంది కాబట్టి, లీకేజీ లేకపోయినా ముల్లు దిగుతుంది. వాటికి వేరే పద్ధతి ఉంది.

టెస్ట్ పాస్ అయితే నీళ్లు తాగొచ్చని కాదు. లైన్ కడిగి, క్లోరిన్ పెట్టడం విడిగా జరగాలి. మీ వీధిలో టెస్ట్ అయిందని చెబితే ఈ నాలుగూ అడగండి: గేజ్ ఎక్కడ పెట్టారు, ఎంత ఒత్తిడి పెట్టారు, ఎన్ని గంటలు ఉంచారు, ఎన్ని లీటర్లు ఎక్కించారు. ఈ నాలుగో అంకె రిజిస్టర్‌లో లేకపోతే, లైన్ ఎంత కారుతోందో ఎవరూ కొలవలేదన్నమాట.