ఎవరు రావాలి, ఎవరు చెయ్యెత్తాలి?

“సభ్యులకు తెలియజేయునది ఏమనగా, మన సొసైటీ సర్వసభ్య సమావేశము ఆదివారం ఉదయం 10 గంటలకు జరుపబడును. కోరము లేనియెడల సభ అరగంట వాయిదా వేయబడి, తిరిగి జరుపబడును. ఎజెండా: 1. గత సమావేశపు మినిట్స్. 2. జమాఖర్చులు. 3. నిర్వహణ రుసుము విషయము. 4. బైలా సవరణ. 5. అధ్యక్షుల వారి అనుమతితో ఇతరములు.”

గృహనిర్మాణ సహకార సంఘాల్లో గోడకంటించే నోటీసు చాలాచోట్ల ఈ మూసలోనే ఉంటుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, కానీ చదివినవాడికి ఏదీ తేలదు. రుసుము పెంచుతారా, తగ్గిస్తారా? బైలాలో ఏ నిబంధన మారుస్తారు? ఎంతమంది వస్తే సభ నడుస్తుంది? గొడవలన్నీ సభ అయ్యాక మొదలవుతాయి.

ఒక ఊహా సొసైటీ పెట్టుకుని దీన్ని తిరగరాద్దాం. సభ్యులు 240 మంది. బైలా ప్రకారం కోరం “మొత్తం సభ్యుల్లో అయిదో వంతు లేదా 50 మంది, ఏది తక్కువైతే అది”.

ముందు ఎజెండా. ప్రతి అంశం చివర సభ ఏం తేల్చాలో కనబడాలి. “నిర్వహణ రుసుము విషయము” అన్నచోట “నెలసరి నిర్వహణ రుసుమును 1,200 నుంచి 1,500 రూపాయలకు పెంచాలన్న ప్రతిపాదన. ఆమోదిస్తే ఏప్రిల్ 1 నుంచి అమలు. ఓటింగు ఉంటుంది” అని రాయాలి. జమాఖర్చుల దగ్గర ఆడిట్ నివేదిక ప్రతి ఎక్కడ, ఏ వేళల్లో చూడవచ్చో చెప్పాలి. బైలా సవరణకైతే ఇప్పుడున్న వాక్యం, మార్చబోయే వాక్యం పక్కపక్కనే ఇవ్వాలి. ఇక “ఇతరములు”. చాలా పాలకవర్గాలకు ఇది దొడ్డిదారి. పెద్ద ఖర్చుల తీర్మానం సభ ముగింపులో, సగం మంది లేచి వెళ్లాక, ఆ పేరుతో దూరుతుంది. రాని సభ్యుడు “నాకు ముందు చెప్పలేదు” అని అభ్యంతరం పెడితే పాలకవర్గం దగ్గర గట్టి జవాబు ఉండదు. “ఈ అంశం కింద చర్చ మాత్రమే, తీర్మానాలుండవు” అన్న ఒక్క వాక్యం చాలు.

కోరం దగ్గర బైలా లెక్కను సభ్యుడి నెత్తిన పెట్టకూడదు. 240లో అయిదో వంతు 48, అది 50 కన్నా తక్కువ. కాబట్టి “సభ మొదలవడానికి 48 మంది సభ్యులు ఉండాలి” అని తలల లెక్కనే వేయాలి. సభ్యత్వం 260కి పెరిగితే అయిదో వంతు 52 అవుతుంది, అప్పుడు కోరం 50. అందుకే పాత నోటీసు అంకెను కాపీ కొట్టకూడదు, ఏ తేదీనాటి సభ్యుల జాబితాతో లెక్కకట్టారో కూడా రాయాలి. వాయిదా సభ మాటా అంతే: “10.30కల్లా 48 మంది రాకపోతే 11 గంటలకు ఇక్కడే సభ జరుగుతుంది. దానికి కోరం అక్కర్లేదు, ఈ ఎజెండా తప్ప కొత్త అంశం తీసుకోరు.” వాయిదా సభకు బైలా ఈ వెసులుబాటు ఇచ్చిందో లేదో ముందు చూసుకోవాలి. అరగంట వాయిదా ఆనవాయితీ అయినంత మాత్రాన నిబంధన అయిపోదు.

ఎక్కువ తగవులు వచ్చేది ఓటు దగ్గర. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సొసైటీలో సభ్యుడికి ఒకే ఓటు. కంపెనీలోలా వాటాలను బట్టి పెరగదు, రెండు ఫ్లాట్లున్నా ఒకటే. తన తరఫున ఇంకొకరిని పంపి ఓటేయించడమూ కుదరదు. “మావారు ఊళ్లో లేరండీ, ఆయన బదులు నేను చెయ్యెత్తుతాను” అని భార్య వస్తే, ఆమె సభ్యురాలు కాకపోతే ఆ చెయ్యి లెక్కలోకి రాదు. ఇది సభలో చెబితే అవమానంగా ఉంటుంది, నోటీసులో చెబితే సమాచారం. అద్దెకున్నవారి సంగతి, ఉమ్మడి పేర్ల మీద ఉన్న ఫ్లాటుకు ఓటెవరిదన్నది, బకాయి ఉన్నవారి సంగతి బైలాలో చూసి తలా ఒక వాక్యం రాయాలి. 1995 నాటి పరస్పర సహాయక చట్టం కింద ఏర్పడిన సంఘమైతే ఆ చట్టాన్నే చూడాలి.

మెజారిటీ లెక్క కూడా మరువకూడదు. బైలా సవరణకు “మూడింట రెండొంతులు” అని రాసి ఊరుకుంటే, ఎవరిలో? 60 మంది హాజరై, ఆరుగురు ఓటేయలేదనుకోండి. హాజరైనవారిలో అంటే 40 ఓట్లు కావాలి. ఓటేసినవారిలో అంటే 36 చాలు. అనుకూలంగా 38 పడితే ఒక లెక్కన నెగ్గింది, ఇంకో లెక్కన ఓడింది. బైలాలో ఏముందో ఆ మాటే అంశం పక్కన రాయండి.

రాశాక కిందటి సభకు రాని ఒక సభ్యుడికి ఇచ్చి, ఏం తేలుస్తారు, ఎంతమంది కావాలి, మీ ఇంట్లో ఎవరికి ఓటు అని అడగండి. తడుముకుంటే ఆ వాక్యం మార్చాలి. ప్రతి అంకె పక్కన బైలా నంబరు కూడా వేయండి. నోటీసుకూ బైలాకూ పొంతన లేకపోతే చెల్లేది బైలాయే.