రెండూ ఒప్పే అయినప్పుడు ఏది రాయాలి?

నలుగురు ఉద్యోగులున్న ఓ రైతు ఉత్పత్తిదారుల సంఘం నెలనెలా కరపత్రం వేస్తుందనుకుందాం. ఒకరు ‘పళ్లు’ అని రాస్తే ఇంకొకరు ‘పళ్ళు’ అంటారు. ఒకరికి ‘ఆసుపత్రి’, మరొకరికి ‘ఆస్పత్రి’. ఇందులో తప్పు ఏదీ లేదు, అందుకే వాదన తెగదు. దాన్ని తెంచేదే స్టైల్ షీట్. అందులో వ్యాకరణ పాఠాలు అక్కర్లేదు. రెండు ఒప్పుల్లో మనం దేన్ని ఎంచుకున్నామో రాసుకుంటే చాలు.

ముందుగా నాలుగైదు పాత కరపత్రాలు తీసి, రెండు రకాలుగా కనిపించిన ప్రతి మాట కిందా ఎర్రగీత గీయండి. గీత పడినవాటికే పేజీలో చోటు. ‘పళ్లు’ ఎంచుకుంటే ‘పెళ్లి’, ‘వాళ్లు’, ‘నీళ్లు’ కూడా అదే దారిలో నడవాలి. కంప్యూటర్‌కు ‘పళ్లు’, ‘పళ్ళు’ వేర్వేరు మాటలు. ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. పాత సమాచారం చేతికి అందకుండా పోయేది ఇలాగే.

అంకెల దగ్గర తెలుగుకు సొంత చిక్కు ఒకటుంది. ‘5 బస్తాలు’ అనొచ్చు కానీ ‘5గురు’ అని రాస్తే కంటికి అడ్డుపడుతుంది. కాబట్టి మనుషుల్ని ‘ఐదుగురు’, ‘ఏడుగురు’ అని అక్షరాల్లో రాసి, పది దాటితే ‘12 మంది’ అనొచ్చు. డబ్బు, తూకం, తేదీ ఎప్పుడూ అంకెల్లోనే ఉండాలి. నెల పేరు మాత్రం అక్షరాల్లో రాయాలి. 05/06 అంటే జూన్ 5 అని ఒకరు, మే 6 అని ఒకరు చదివితే గడువు దాటిపోతుంది.

తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ఇక్కడ తేల్చుకోవాల్సింది పొట్టి పేర్ల సంగతి: ‘జీఎస్టీ’యా, ‘జి.ఎస్.టి.’యా? ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు శీర్షికలో మొదటి మాటకు, పేర్లకు మాత్రమే పెద్దక్షరం పెట్టి, WhatsApp వంటివి వాటి యజమానులు రాసినట్టే ఉంచాలి.

ధోరణి గురించి ‘మర్యాదగా రాయాలి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక వాక్యాన్ని మార్చి చూపించాలి.

పాతది: ‘5గురు సభ్యులు గల సంఘములు 05/06 లోగా 150000/- రుణమునకు దరఖాస్తు చేసుకొనవలెను.’

కొత్తది: ‘మీ సంఘంలో ఐదుగురు సభ్యులుంటే జూన్ 5లోగా రూ.1,50,000 రుణానికి దరఖాస్తు చేసుకోండి.’

ఈ నియమాలు మన రాతకే వర్తిస్తాయి. రైతు మాటను ఉటంకించినా, ప్రభుత్వ పథకం పేరు రాసినా ఉన్నది ఉన్నట్టే ఉంచాలి.

పేజీ బాధ్యత ఒక్కరికే అప్పగించండి. రెండు నెలల తర్వాత ఒకే సమాచారాన్ని ఇద్దరికి ఇచ్చి విడివిడిగా రాయించి, పక్కపక్కన పెట్టి చూడండి. పేజీలో ఉన్న నియమం దగ్గరే ఇద్దరూ విడిపోతే దాన్ని ఇంకా తేటగా రాయాలి. పేజీలో లేని మాట దగ్గర విడిపోతే అక్కడొక కొత్త పంక్తి చేర్చాలి. చోటు చాలకపోతే ఇప్పుడెవరూ తడబడని పంక్తిని కొట్టేయండి.