28 దాకా నిజం, 29 దగ్గర అబద్ధం

కందపద్యానికి గణవిభజన చేసినవాళ్లకి గగ, భ, జ, స, నల అనే అయిదు గణాలు నోటికి వచ్చే ఉంటాయి. ఇవి అయిదే ఎందుకు? లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. మొత్తం నాలుగు మాత్రలయ్యేలా లఘుగురువుల్ని పేర్చడానికి ఉన్న పద్ధతులన్నీ ఇవే. ఎంత వెతికినా ఆరోది దొరకదు.

వెతక్కుండానే ఆ సంగతి తేల్చవచ్చు. గణం చివరి అక్షరాన్ని చూడండి. అది లఘువైతే దాని ముందు మూడు మాత్రలుంటాయి. నల, భ, జ అలాంటివి. గురువైతే ముందు రెండే మాత్రలుంటాయి. గగ, స అలాంటివి. మూడు మాత్రల్ని పేర్చే పద్ధతులు 3, రెండు మాత్రలవి 2, కలిపితే 5. ఇదే తర్కం ఎన్ని మాత్రలకైనా పనిచేస్తుంది. n మాత్రల్ని పేర్చే పద్ధతుల సంఖ్యని V(n) అందాం. అప్పుడు V(1) = 1, V(2) = 2, ఆ తర్వాత ప్రతి సంఖ్యా తన ముందున్న రెండింటి మొత్తం: 3, 5, 8, 13, 21, 34. పాశ్చాత్యులు ఫిబొనాచీ పేరుతో పిలిచే వరస ఇదే. ఆయన పుస్తకం 1202లో వచ్చింది. అంతకుముందే, 12వ శతాబ్దంలో, గుజరాత్‌కి చెందిన జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు గురించి రాస్తూ ఈ నియమం చెప్పాడు. ఆయనకన్నా ముందు విరహాంకుడూ దీన్ని గుర్తించాడు.

ఈ సంఖ్యలు ఎంత వేగంగా పెరుగుతాయి? V(n) ఎప్పుడూ (7/4)^n కన్నా తక్కువే ఉంటుందని ఒక మాట అనుకుందాం. n కి అంతు లేదు కాబట్టి ఒక్కొక్క విలువా వేసి చూడటం కుదరదు. ఇక్కడ పనికొచ్చేది గణితానుగమనం, అందులోనూ స్ట్రాంగ్ ఇండక్షన్ అనే రూపం.

మామూలు ఇండక్షన్‌లో, ఒక సంఖ్య దగ్గర మాట నిజమని అనుకుని దాని తర్వాతి సంఖ్య దగ్గర నిరూపిస్తాం. ఇక్కడ అది చాలదు. V(n) కట్టడానికి V(n−1) తో పాటు V(n−2) కూడా కావాలి, దాని గురించి కూడా మనకి తెలిసి ఉండాలి. అందుకే స్ట్రాంగ్ ఇండక్షన్‌లో n కన్నా చిన్న సంఖ్యలన్నిటి దగ్గరా మాట నిజమని అనుకుంటాం. ఆ బలంతో n దగ్గర నిరూపిస్తాం.

ముందు పునాది. n = 1 అయితే, 1 < 7/4. n = 2 అయితే, 2 < 49/16, ఎందుకంటే 49/16 అంటే మూడుకి పైనే. రెండూ సరిపోయాయి.

ఇప్పుడు మెట్టు. n విలువ 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అనుకుందాం. 1 నుంచి n−1 దాకా ప్రతి సంఖ్య దగ్గరా మాట నిజమని అనుకుందాం. అప్పుడు

V(n) = V(n−1) + V(n−2) < (7/4)^(n−1) + (7/4)^(n−2) = (7/4)^(n−2) × (7/4 + 1)

7/4 + 1 అంటే 11/4, అంటే 44/16. మనకి కావలసింది (7/4)^2, అంటే 49/16. 44 కన్నా 49 పెద్దది కాబట్టి V(n) < (7/4)^n. నిరూపణ అయిపోయింది.

ఇందులో ఒక చోట ఆగి చూడాలి. n విలువ 3 నుంచి మొదలన్నాం కాబట్టి n−1, n−2 రెండూ 1 కి తగ్గవు, మనం అనుకున్న పరిధిలోనే ఉంటాయి. మెట్టు రెండడుగులు వెనక్కి వెళ్లింది కాబట్టే పునాదిలో రెండు విలువలు వేసుకున్నాం. మెట్టు రాశాక, అది ఎంత వెనక్కి వెళ్లిందో చూసి పునాది పొడవు తేల్చుకోవాలి. చాలా పుస్తకాలు పునాదిని ముందు అచ్చువేస్తాయి గానీ, ఆలోచన నడిచేది మాత్రం వెనక నుంచే.

అసలు 7/4 ఎక్కణ్ణుంచి వచ్చింది? మెట్టు నిలవడానికి కావలసింది ఒక్కటే: ఎంచుకున్న సంఖ్య వర్గం, ఆ సంఖ్యకి 1 కలిపినదానికి తగ్గకూడదు. 13/8 కూడా సరిపోతుంది, వెంట్రుకవాసిలో: 169/64 కి ఎదురుగా 168/64. మరి ఇంకొంచెం తగ్గించి 8/5 తీసుకుంటే? వర్గం 2.56, కావలసింది 2.6. మెట్టు విరిగిపోయింది.

మెట్టు విరిగినంత మాత్రాన మాట అబద్ధమైపోదు. వేరే దారిలో నిరూపణ ఉండవచ్చు. అందుకని విలువలు వేసి చూద్దాం. n = 1, 1 < 1.6. n = 2, 2 < 2.56. n = 3, 3 < 4.096. పది దాకా చూసినా నిజమే, ఇరవై దాకా చూసినా నిజమే. n = 28 దగ్గర V(28) = 5,14,229, (8/5)^28 సుమారు 5,19,230. ఇంకా నిజమే. n = 29 దగ్గర V(29) = 8,32,040, (8/5)^29 సుమారు 8,30,767. అక్కడ మాట తప్పింది. వరసగా 28 సార్లు నిజమైన మాట అది. ఆ 28 లెక్కలూ దాచిన లోపం 2.56 కీ 2.6 కీ ఉన్న తేడాలో మొదటే కనబడింది. నిరూపణలో మెట్టుకి నేనింత విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

పునాది లోపిస్తే జరిగేది దీనికి తిరగబడిన కథ. "V(n) ఎప్పుడూ సరిసంఖ్యే" అని ఎవరైనా అన్నారనుకోండి. రెండు సరిసంఖ్యల మొత్తం సరిసంఖ్యే కాబట్టి మెట్టు నిక్షేపంగా ఉంది. V(2) = 2, సరిసంఖ్యే. ఇంతటితో చాలనుకుంటే ఘోరమైన అబద్ధం నిరూపించినట్టవుతుంది, ఎందుకంటే 3, 5, 13 కళ్లముందే ఉన్నాయి. తప్పు ఎక్కడుందంటే V(3) దగ్గర. దానికి V(1) కావాలి. అది 1, బేసిసంఖ్య. ఆ విలువని పునాదిలో ఎవరూ చూడలేదు.

నిజమైన మాట వేరే ఉంది. n ని 3 తో భాగిస్తే శేషం 2 వచ్చినప్పుడు మాత్రమే V(n) ని 2 నిశ్శేషంగా భాగిస్తుంది. దీనికి మెట్టు ఇలా వేయాలి. V(n) = V(n−1) + V(n−2). ఇందులో V(n−1) ని మళ్లీ విడగొడితే V(n) = 2 × V(n−2) + V(n−3). మొదటి భాగం ఎలాగూ సరిసంఖ్యే. కాబట్టి V(n−3) సరి అయితే V(n) సరి, అది బేసి అయితే ఇదీ బేసి. n నుంచి 3 తీసేస్తే శేషమూ మారదు. మెట్టు ఈసారి మూడడుగులు వెనక్కి వెళ్లింది, n విలువ 4 నుంచి పనిచేస్తుంది. పునాదికి మూడు విలువలు కావాలి: 1, 2, 3. వాటి విలువలు బేసి, సరి, బేసి. మాట చెప్పినట్టే ఉన్నాయి.

వెనక్కి ఎంత దూరం వెళ్లాలో ముందే చెప్పలేని సందర్భాలూ ఉన్నాయి. 1 కన్నా పెద్దదైన ప్రతి పూర్ణసంఖ్యనీ ఏదో ఒక ప్రధానసంఖ్య భాగిస్తుందన్న మాట తీసుకోండి. n ప్రధానసంఖ్యే అయితే తనని తానే భాగించుకుంటుంది. కాకపోతే n ని a × b గా రాయవచ్చు, a విలువ 1 కీ n కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. n కన్నా చిన్నవాటన్నిటి దగ్గరా మాట నిజమనుకున్నాం కాబట్టి a ని ఒక ప్రధానసంఖ్య భాగిస్తుంది. a ని భాగించేది n నీ భాగిస్తుంది. 1001 ని 77 × 13 గా రాస్తే ఒక్క దూకులో 77 దగ్గరికి వెళతాం, 143 × 7 గా రాస్తే 143 దగ్గరికి. n−1 అంటే 1000, దాని గురించి ఎంత తెలిసినా 1001 కి ఉపయోగం లేదు. పునాదికి ఇక్కడ విడిగా పనేమీ మిగల్లేదు. 2 ప్రధానసంఖ్య, దాని సంగతి మెట్టులోని మొదటి సగమే చూసుకుంది.