దసరా బోనస్ వేరు, పెరిగిన జీతం వేరు

చంద్రపూర్, బల్లార్షా ప్రాంతాల్లోని వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనుల్లో పనిచేసే శాశ్వత కార్మికులకు 2023లో మూడు రకాలుగా డబ్బు అందింది. మేలో కుదిరిన 11వ వేతన ఒప్పందంతో జీతం 19 శాతం పెరిగింది. అది 2021 జూలై నుంచే అమలు కాబట్టి 23 నెలల ఎరియర్స్ వచ్చాయి. దసరాకు 85,000 రూపాయల బోనస్ ముట్టింది. మూడూ డబ్బే అయినా ఇంటి ఖర్చుపై వాటి ప్రభావం ఒకటి కాదు.

ఎందుకో 1957లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ చెప్పాడు. మనిషి ఈ నెల చేతికొచ్చిన మొత్తాన్ని బట్టి కాక, దీర్ఘకాలంలో తనకు సగటున ఎంత వస్తుందన్న అంచనాను బట్టి ఖర్చు పెడతాడు. ఇదే శాశ్వత ఆదాయ సిద్ధాంతం.

ఒక ఊహా లెక్క వేద్దాం. 40 ఏళ్ల కార్మికుడి జీతం 60,000. రిటైర్మెంట్ 60కి, ఆయుష్షు 80 దాకా అనుకుందాం. వడ్డీ, పింఛను, ధరల పెరుగుదల పక్కనపెడదాం. 19 శాతం అంటే నెలకు 11,400. ఇరవై ఏళ్లలో అది 27,36,000 అవుతుంది. దాన్ని మిగిలిన 480 నెలలకు పంచితే నెల ఖర్చు 5,700 పెరుగుతుంది. అంటే పెరిగిన ప్రతి రూపాయిలో అర్ధరూపాయి ఖర్చవుతుంది. ఎరియర్స్ 2,62,200 మళ్లీ రావు. వాటినీ అలాగే పంచితే నెలకు 546 మాత్రమే. ఏడాదికి చూస్తే రూపాయికి రెండున్నర పైసలు.

మరి బోనస్? అది ఒక్కసారే వచ్చేదైతే నెలకు 177 రూపాయలే. కానీ 2022లోనూ 76,500 వచ్చింది. ఏటా వస్తుందని తెలిసిన బోనస్‌ను ఇంటివాళ్లు ముందే లెక్కలో వేసుకుంటారు. అనుకోకుండా పెరిగిన భాగం మాత్రమే కొత్త సమాచారం. అదీ నిలుస్తుందా లేదా అన్న అంచనాను బట్టే ఖర్చు మారుతుంది.

దసరాకు నగల దుకాణాలు కిటకిటలాడితే సిద్ధాంతం తప్పినట్టేనా? కాదు. బంగారం పొదుపే. బండి కొన్నా, అది అరిగే కొద్దీ అయ్యేదే ఖర్చు. ఇంటికొచ్చే కిరాణా, పాలు, కూరల పద్దు పెరిగిందా అన్నదే అసలు పరీక్ష.

సిద్ధాంతం చతికిలబడేది చేతిలో నిల్వ లేనిచోట. పొదుపు లేక, అప్పు పుట్టక అవసరాలు వాయిదా వేసుకుంటున్న కాంట్రాక్టు కూలీకి 5,000 అదనంగా వస్తే, ఆ నెలలోనే బియ్యానికీ మందులకూ అయిపోవచ్చు. దాన్ని 480 నెలలకు పంచే వెసులుబాటు అతనికి లేదు. అందుకే ప్రభుత్వం ఒక్కసారి నగదు పంచి బజారులో గిరాకీ పెంచాలనుకుంటే, అది నిల్వ ఉన్నవారికి చేరిందా, లేనివారికి చేరిందా అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.