పైచేయి మీదే, అయినా జేబు ఖాళీ

బొమ్మా బొరుసూ ఆటలో మీవైపు కాస్త మొగ్గిన నాణెం ఒకటి దొరికిందనుకుందాం. వందసార్లు ఎగరేస్తే సగటున 53 సార్లు బొమ్మ పడుతుంది. బొమ్మ పడితే కాసినంత వస్తుంది, బొరుసు పడితే కాసినంత పోతుంది. మోసం లేదు, కమీషన్ లేదు. చేతిలో పదివేల రూపాయలున్నాయి, వెయ్యి పందేలు ఆడే తీరికా ఉంది. ఇక తేలాల్సింది ఒక్కటే: ప్రతి పందేనికీ ఎంత కాయాలి?

చాలామందికి వెంటనే తట్టే జవాబు, గెలుపు మనవైపే ఉంది కాబట్టి ఎంత ఎక్కువ కాస్తే అంత లాభం అని. ఉన్నదాంట్లో అయిదో వంతు, అంటే 20 శాతం కాయడం వాళ్లకు పెద్ద సాహసంగా కూడా అనిపించదు. ఈ లెక్క ఎక్కడ బెడిసికొడుతుందో చూడటానికి సొంత డబ్బు తగలేసుకోనక్కర్లేదు, కంప్యూటర్లో ఎక్సెల్ ఉంటే చాలు. A1 గడిలో 10000 వేసి, A2లో ఈ సూత్రం రాసి, దాన్ని A1001 దాకా కిందికి లాగండి.

```
=A1*IF(RAND()<0.53, 1.20, 0.80)
```

అంతే, వెయ్యి పందేల జీవితం ఒకటి కళ్లముందు ఉంటుంది. F9 నొక్కితే మరో జీవితం మొదలవుతుంది. సిమ్యులేషన్ అంటే ఇదే: ఒకే ఆటను అనేకసార్లు ఆడించి, ఎన్నిసార్లు ఎలా ముగిసిందో లెక్కపెట్టడం.

అలా వందమంది ఆటగాళ్లను ఆడిస్తే, వెయ్యి పందేల తర్వాత మొదటి పదివేలకు పైన మిగిలేది సుమారు పదిమంది. మిగతా తొంభైమందీ నష్టపోతారు. వాళ్లంతా దురదృష్టవంతులేమీ కారు. సరిగ్గా లెక్క ప్రకారం 530 గెలిచి 470 ఓడిన ఆటగాడి చేతిలో చివరికి మిగిలేది రెండు రూపాయల అరవై పైసలు. ఓటముల కంటే అరవై ఎక్కువ గెలిచాడు. అయినా మొత్తం ఊడ్చుకుపోయింది.

కారణం చిన్న గుణకారంలో ఉంది. వంద రూపాయల మీద 20 శాతం గెలిస్తే 120 అవుతుంది. తర్వాత 20 శాతం ఓడితే పోయేది ఇరవై కాదు, 24. చేతిలో మిగిలేది 96. ముందు ఓడి తర్వాత గెలిచినా అదే 96. అంటే ఒక గెలుపూ ఒక ఓటమీ జత కూడిన ప్రతిసారీ నూటికి నాలుగు రూపాయలు హరించుకుపోతాయి. మన ఆటగాడి 1,000 పందేల్లో అలాంటి జతలు 470. మిగిలిన అరవై గెలుపులు ఎంత లాగినా ఆ కోతను పూడ్చలేవు.

అదే ఆటగాడు, అవే 530 గెలుపులు, కానీ కాసింది 6 శాతమే అనుకుందాం. సూత్రంలో 1.20, 0.80 బదులు 1.06, 0.94 వేస్తే సరి. ఇప్పుడు జతకు పోయేది వందకు 36 పైసలే. చివరికి అతని పదివేలు సుమారు అరవై వేలవుతాయి. వందమందిలో ఎనభై మందికి పైగా లాభంతో లేస్తారు.

ఇక్కడ సగటు మనల్ని గట్టిగా మోసం చేస్తుంది. 20 శాతం కాసే ఆటలో వెయ్యి పందేల తర్వాత చేతికొచ్చే సొమ్ముకు గణిత సగటు కడితే, పదివేలకు 150 కోట్ల రూపాయలకు పైనే వస్తుంది. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ కోట్లన్నీ ఊహకందనంత అరుదుగా గెలుపుల మీద గెలుపులు తగిలిన ఏ కొద్దిమంది దగ్గరో పోగుపడి ఉంటాయి. అందుకే ఇలాంటి ఆటలో సగటును కాదు, వరసలో సరిగ్గా నడిమన నిలబడ్డ మనిషిని చూడాలి. అతని జేబులో రెండున్నర రూపాయలే ఉన్నాయి.

ఆ 6 శాతం ఎక్కడిది? అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ప్రచురించిన పత్రంలోది. కాసినంతకు కాసినంత వచ్చే ఆటలో గెలుపు శాతంలోంచి ఓటమి శాతం తీసేయండి. 53లోంచి 47 పోతే 6. డబ్బు దీర్ఘకాలంలో అన్నిటికంటే వేగంగా పెరిగేది అక్కడే. అంతకు మించి కాస్తే ప్రమాదం పెరుగుతుంది, పెరుగుదల తగ్గుతుంది. రెట్టింపు, అంటే 12 శాతం దగ్గరకొచ్చేసరికి పెరుగుదల దాదాపు సున్నా. ఆ పైన నష్టమే.

అయితే కెల్లీ కొలత కూడా సాఫీ దారి కాదు. చేతిలోని సొమ్ము ఎక్కిన ఎత్తు నుంచి ఎంత కిందికి జారిందో చెప్పే కొలతను డ్రాడౌన్ అంటారు. ఎక్సెల్‌లో B2 గడిలో ఇది వేసి కిందికి లాగితే ప్రతి పందెం దగ్గరా కనిపిస్తుంది.

```
=1-A2/MAX(A$1:A2)
```

పూర్తి కెల్లీ కాసేవాడు ఆట కొనసాగిస్తూ పోతే, ఇవాళ ఉన్న సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు సగానికి పడిపోయే అవకాశం దాదాపు రెండింట ఒకటి. పదివేలు నలభైవేలు అయ్యాక కూడా అది ఇరవై వేలకు జారే అవకాశం అంతే. వెయ్యి పందేల్లో ఎనిమిది తొమ్మిది వరస ఓటములు రావడం మామూలే. ఎనిమిది వచ్చాయంటే 6 శాతం కాసేవాడి సొమ్ములో దాదాపు నలభై శాతం పోతుంది. ఆ దెబ్బకు కంగారుపడి, పోయింది రాబట్టాలని కాసే మొత్తం పెంచినవాడు నేరుగా మొదటి ఆటగాడి బాటలో పడతాడు.

అందుకే అనుభవమున్నవాళ్లు కెల్లీలో సగమే కాస్తారు. మన ఆటలో 3 శాతం. పెరిగే వేగంలో నాలుగింట మూడు వంతులు దక్కుతాయి, సగానికి పడిపోయే అవకాశం మాత్రం రెండింట ఒకటి నుంచి ఎనిమిదింట ఒకటికి తగ్గుతుంది.

సగానికి దిగడానికి మరో బలమైన కారణముంది. ఆ 53 శాతం మనకెలా తెలిసింది? పాత పందేల లెక్క చూసి. వెయ్యి పందేల్లో 530 గెలిచినంత మాత్రాన అసలు బలం 53 అని తేలదు, అది 50 నుంచి 56 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నిజంగా 51 అయితే కెల్లీ చెప్పేది 2 శాతమే. అది తెలియక 6 శాతం కాసినవాడి పదివేలు వెయ్యి పందేల తర్వాత, నడిమి లెక్కలో, అయిదున్నర వేలకు దిగుతాయి. 3 శాతం కాసినవాడికి మాత్రం పదకొండున్నర వేలుంటాయి. సగం కెల్లీ మన అంచనాలోని తప్పును కూడా కొంతవరకు కాస్తుంది.

లెక్క తెలిస్తే మనుషులు జాగ్రత్తపడతారా? విక్టర్ హఘానీ, రిచర్డ్ డ్యూయీ 61 మందికి తలా 25 డాలర్లిచ్చి, 60 శాతం బొమ్మ పడే నాణెంతో అరగంట ఆడించారు. వాళ్లలో ఫైనాన్స్ చదివేవాళ్లు, ఆ రంగంలో పనిచేసే యువకులు ఉన్నారు. నాణెం ఎటు మొగ్గిందో ముందే చెప్పారు. అయినా 28 శాతం మంది డబ్బంతా పోగొట్టుకున్నారు. కొందరు ఉన్నదంతా ఒకే పందెంలో పెట్టేశారు.

ఇదంతా నిజంగా పైచేయి ఉన్నవాడి కథ. బెట్టింగ్ యాప్‌లలో ఆడేవాడికి అదీ ఉండదు. సాధారణంగా దొరికే 1.91 రేటుకు కాస్తే, నష్టం లేకుండా బయటపడటానికే వందకు 52కు పైగా గెలవాలి. గెలుపు ఓటములు సరిసమానమైన చోట కెల్లీ సూత్రం చెప్పే జవాబు సున్నా. ఓటమివైపే మొగ్గున్న చోట ఎంత తెలివిగా కాసినా గట్టెక్కించే కొలత లేదు. అక్కడ కాయకపోవడమే సరైన లెక్క.