డైటింగ్ ఎక్కడ దారి తప్పుతుంది?

రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులు ఒక ప్రయోగానికి ఇష్టపడి ముందుకొచ్చారు. ఐరోపాలో తిండిలేక చిక్కిపోయిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త వాళ్లకు దాదాపు ఆరు నెలలపాటు అవసరంలో సగం తిండే పెట్టించాడు. అందరూ ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. పరీక్షించి మరీ ఎంపిక చేశారు.

వాళ్ల బరువు పావు వంతు తగ్గింది. అది ఊహించిందే. అంతకంటే ముఖ్యమైన మార్పు వాళ్ల ప్రవర్తనలో వచ్చింది. అప్పటిదాకా వంట సంగతే పట్టనివాళ్లు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. పళ్లెంలో ఉన్న కాస్త తిండినీ గంటల తరబడి సాగదీసి తిన్నారు. నలుగురిలో కలవడం మానేశారు, చిన్నదానికీ చిరాకుపడ్డారు, దిగులుతో కుంగిపోయారు. కొందరు నియమం తప్పి దొంగచాటుగా తిని, ఆ తర్వాత తమను తామే అసహ్యించుకున్నారు. ప్రయోగం ముగిసి కావలసినంత తిండి దొరికాక కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. ఈ వివరాలన్నీ 1950లో పుస్తకంగా వచ్చాయి.

తిండి గురించిన పిచ్చి ఆలోచనలు బలహీనుల జబ్బు కాదని ఆ యువకులు చూపించారు. మెదడుకు ఇంధనం చాలకపోతే అది తిండినే పట్టుకుని వేలాడుతుంది. డైటింగ్ చేసే ప్రతివాళ్లూ జబ్బు పడరు. వంశపారంపర్యం, ఆందోళన స్వభావం, ఏదైనా నూటికి నూరు శాతం సరిగ్గా ఉండాలనే పట్టుదల ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. అయినా ఈ జారుడు ఎలా మొదలవుతుందో అందరూ తెలుసుకోవలసిందే.

మన ఇళ్లలో అది ఎలా ఉంటుందో చూడటానికి ఒక అమ్మాయిని ఊహించుకుందాం. వయసు 23, హైదరాబాద్‌లో ఉద్యోగం, బరువు 78 కిలోలు. నెలసరి సరిగ్గా రావడం లేదని వెళితే డాక్టరు పీసీఓడీ అని చెప్పి, అయిదు నుంచి పది శాతం బరువు తగ్గమన్నారు. అంటే నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. మంచి సలహాయే. మొదటి నెల రాత్రిపూట అన్నం బదులు రెండు పుల్కాలు, పొద్దున నడక. మూడు కిలోలు తగ్గింది. ఆఫీసులో, పెళ్లిళ్లలో అందరూ "ఎంత బాగా తగ్గావే!" అన్నారు.

రెండో నెలలో పుల్కాలు పోయాయి. తర్వాత పప్పులో తాలింపు నూనె వద్దంది. ఎప్పుడూ చేసే శనివారం ఉపవాసానికి సోమవారం, గురువారం తోడయ్యాయి. దేవుడి పేరు చెబితే ఇంట్లో ఎవరూ అడ్డుచెప్పరు కదా. "అమ్మా, ఆఫీసులో తినేశాను", "కడుపు ఉబ్బరంగా ఉంది, ఇప్పుడొద్దు" అనే మాటలు రోజూ వినిపించసాగాయి. మన దేశంలో ఈ జబ్బుతో వచ్చేవాళ్లలో కొందరు లావవుతాననే భయాన్ని అసలు చెప్పరు, గ్యాస్ అనో అజీర్తి అనో అంటారు. అందుకే చాలాకాలం కడుపు డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటారు.

నాలుగు నెలలకు ఆమె 60 కిలోలకు వచ్చింది. డాక్టరు చెప్పినదానికి రెండింతలకు పైగా తగ్గినా, ఆమె లెక్కలో ఇంకా నాలుగు కిలోలు మిగిలే ఉన్నాయి. చేరిన ప్రతిసారీ గమ్యం ముందుకు జరిగితే అది పెద్ద హెచ్చరిక. రోజుకు మూడుసార్లు బరువు చూసుకుంటుంది, వంద గ్రాములు పెరిగితే ఆ రోజంతా పాడైనట్టే. తమ్ముడికి స్వయంగా బిర్యానీ వండి, కొసరి కొసరి వడ్డించి, తాను మాత్రం ముట్టదు. మిన్నెసోటా యువకుల్లో కనిపించిన లక్షణమే ఇది. ఒక అర్ధరాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి, ఆపుకోలేక దొరికిందల్లా తినేస్తుంది. తెల్లవారి దానికి శిక్షగా రెండు గంటలు పరిగెత్తుతుంది. ఇంకొందరు ఇక్కడే వేలు పెట్టుకుని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం మొదలుపెడతారు.

ఇంతలో నెలసరి పూర్తిగా ఆగిపోయింది. పీసీఓడీ వల్లేనని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. కానీ తగ్గినప్పుడు మెరుగుపడవలసిన నెలసరి మూడు నెలలపాటు రాకపోతే, ఒంటికి చాలినంత తిండి అందడం లేదేమోనని అనుమానించాలి. జుట్టు రాలడం, ఎండాకాలంలో కూడా చలి, లేచి నిలబడితే కళ్లు తిరగడం దీనికి తోడైతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

60 కిలోల అమ్మాయిని చూసి ఎవరూ రోగి అనుకోరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. బరువు మామూలుగా, ఎక్కువగా ఉన్నవాళ్లకు కూడా అనొరెక్సియా లక్షణాలన్నీ రావచ్చని 2013 నుంచి అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం గుర్తిస్తోంది. వేగంగా తగ్గితే వాళ్లలో కూడా నాడి మందగించవచ్చు, గుండె లయ తప్పవచ్చు.

1999లో బ్రిటన్ వైద్యులు ఇందుకోసం అయిదు ప్రశ్నలు తయారుచేశారు. కడుపు నిండిపోయి ఇబ్బందిగా ఉందని కావాలని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నారన్నది చేయి దాటిపోయిందని బెంగ పడుతున్నారా? మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గారా? అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగానే ఉన్నాననిపిస్తోందా? బతుకంతా తిండి చుట్టూనే తిరుగుతోందా? రెండింటికి అవునని వస్తే డాక్టరును కలవాలి. ఇవి జబ్బును నిర్ధారించవు, అనుమానాన్ని మాత్రమే చెబుతాయి. డాక్టరు సలహాతో నెమ్మదిగా తగ్గినవాళ్లకు మూడో ప్రశ్న ఒక్కటే వర్తిస్తే కంగారు పడనక్కర్లేదు.

ముందు వెళ్లవలసింది ఫిజీషియన్ దగ్గరికి. జిమ్ ట్రైనర్ ఇచ్చే కొత్త చార్టు ఇక్కడ పనికిరాదు. పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ నాడి, బీపీ చూడాలి. ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేటు, షుగరు పరీక్షలు చేయాలి. రక్తపరీక్షలు మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. వాంతుల సంగతి సిగ్గుపడకుండా చెప్పాలి, పొటాషియం పడిపోతే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, ఇలాంటి రోగులను చూసిన అనుభవమున్న డైటీషియన్ కలిసి వైద్యం చేస్తారు. వేళకు తినడం మళ్లీ అలవాటు చేయడం, తిండి చుట్టూ అల్లుకున్న భయాలను మాటలతో విప్పడం అందులో ముఖ్యం. చిన్నవయసువాళ్లయితే తల్లిదండ్రులకే భోజనం బాధ్యత అప్పగించే పద్ధతి బాగా పనిచేస్తుంది.

స్పృహ తప్పినా, ఛాతీలో దడ వచ్చినా, వాంతిలో రక్తం పడినా, నీళ్లు కూడా ఇమడకపోయినా, చనిపోవాలనే మాట నోట వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఇంట్లో ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేటు హఠాత్తుగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లకు తిండి మళ్లీ మొదలుపెట్టడం డాక్టర్ల పర్యవేక్షణలోనే జరగాలి.

అమ్మానాన్నలు బరువు గురించి, ముఖం పీక్కుపోయిందని మాట్లాడితే వాదన పెరుగుతుంది. కళ్లతో చూసిందే చెప్పాలి: "నాన్నా, వారం నుంచి మాతో కూర్చుని తినడం లేదు, నిన్న కళ్లు తిరిగాయన్నావు, రేపు నేను కూడా వస్తాను, డాక్టరు దగ్గరికి వెళదాం." ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు. అది 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.