టవర్‌లో నీరు ఎంత చిక్కబడాలి?

కూలింగ్ టవర్ మీద కనిపించే ఆవిరిలో ఉప్పు ఉండదు. నీరు మాత్రమే పోతుంది, లవణాలన్నీ అడుగు తొట్టిలోనే మిగిలిపోతాయి. పోసిన కొత్త నీటికంటే తొట్టిలో నీరు ఎన్ని రెట్లు చిక్కబడిందో ఆ అంకెనే సైకిల్స్ అంటారు. మితిమీరకుండా కొంత నీటిని బయటికి వదిలేయడం బ్లోడౌన్.

గంటకు 1000 ఘనమీటర్లు తిరిగే టవర్‌లో నీరు 10 డిగ్రీలు చల్లబడితే, సుమారు 15 ఘనమీటర్లు ఆవిరవుతాయి. ఆవిరిని సైకిల్స్ కంటే ఒకటి తక్కువ అంకెతో భాగిస్తే బ్లోడౌన్ వస్తుంది. తుంపరగా ఎగిరిపోయేదీ అందులో భాగమే. 3 సైకిల్స్ దగ్గర అది 7.5, కొత్తగా పోయాల్సింది 22.5. 5 సైకిల్స్‌కు వెళితే బ్లోడౌన్ 3.75, పోసేది 18.75. 10 దాకా లాగినా పోసే నీరు 16.7కే తగ్గుతుంది. అంటే అసలు ఆదా మొదటి మెట్లలోనే ఉంది; ఆపైన మిగిలేది కొంచెమే, పొలుసు కట్టే ప్రమాదం మాత్రం పెరుగుతూ పోతుంది.

పొలుసు కడుతోందని ముందే పట్టుకోవచ్చు. టవర్ నీటిలోని క్లోరైడ్‌ను కొత్త నీటి క్లోరైడ్‌తో భాగించండి, కాల్షియానికీ అలాగే చేయండి. క్లోరైడ్ 5 రెట్లు, కాల్షియం 3.5 రెట్లే అయితే, తగ్గిన కాల్షియం ఎక్కడో గొట్టాల గోడలకు అంటుకుంటోందన్నమాట. ఒక్క జాగ్రత్త: నాచు చావడానికి హైపోక్లోరైట్ పోస్తుంటే అదీ క్లోరైడ్‌ను పెంచుతుంది. అప్పుడు మెగ్నీషియంతోనూ సరిచూసుకోవడం మంచిది.